రెండు ముక్కలే గుర్తున్న పాటను పట్టుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక సాయంత్రం మా పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, నడుమ పని నాటకం అని వస్తుంది చూడు, ఆ పాటేదిరా?" అని అడిగింది. ముందేముందో గుర్తులేదు, వెనకేముందో గుర్తులేదు. రాగం మాత్రం కూనిరాగంగా తీస్తోంది. ఆ పాట అన్నమాచార్యుల "నానాటి బతుకు నాటకము" అని తేలడానికి నాకు అరగంట పట్టింది. తెలిసినవాళ్ళకు అర నిమిషం కూడా పట్టదు, కానీ నాకప్పటికి ఆ కీర్తన అంతగా పరిచయం లేదు. కింద ఉన్న జవాబుల్లో చాలావరకు ఆ అరగంట చుట్టూనే తిరుగుతాయి. సినిమా పాటకైనా, లలితగీతానికైనా, కీర్తనకైనా దారి దాదాపు ఒకటే. తేడా వచ్చిన చోట చెబుతాను.

గుర్తున్న మాటల్ని ఉన్నదున్నట్టు సెర్చ్‌లో కొడితే సరిపోదా?

ఆ మాటలు పల్లవిలోవైతే చాలాసార్లు సరిపోతుంది. మన పాటలకు విడిగా పేర్లుండవు, పల్లవి మొదటి మాటలే పేరు. క్యాసెట్ అట్ట మీదైనా, వీడియో టైటిల్‌లోనైనా కనిపించేవి ఆ మూడు నాలుగు మాటలే. కాబట్టి పల్లవి ముక్క గుర్తుంటే ఏదో ఒక టైటిల్‌కి తగులుతుంది.

చిక్కు వచ్చేది చరణం ముక్క గుర్తున్నప్పుడు. అది ఏ టైటిల్‌లోనూ ఉండదు. పాట మొత్తం సాహిత్యం ఎవరైనా టైప్ చేసి పెట్టిన పేజీలోనే ఉంటుంది, పైగా ఆ పేజీలో అది మనం అనుకున్నట్టే రాసి ఉండాలి. పిన్ని చెప్పిన "నడుమ పని నాటకం" అలాగే కొడితే నాకు నాటకరంగం మీద వ్యాసాలు వచ్చాయి. అందులో సెర్చ్ తప్పేమీ లేదు. నడుమ, పని, నాటకం మూడూ రోజూ వాడే మాటలే, పాట కోసం అడుగుతున్నామని దానికెలా తెలుస్తుంది?

నాకు గుర్తున్నది పల్లవో చరణమో ఎలా తెలుస్తుంది?

ఆ ముక్క పాటలో ఎన్నిసార్లు వినిపిస్తుందో గుర్తు తెచ్చుకోండి. తిరిగి తిరిగి వస్తే పల్లవి. ఒక్కసారే వచ్చి, తర్వాత పాట మళ్ళీ మొదటికి వెళితే చరణం. ఇంకొకటి కూడా ఉంది: పాత పాటల్లో తాళం మొదలవకముందు గాయకులు రెండు లైన్లు సాగదీసి పాడతారు, దాన్ని సాకీ అంటారు. వినేవాళ్ళకు పాట మొదలు అదే కాబట్టి అదే పల్లవి అనుకుంటారు. పాటల పట్టికల్లో మాత్రం సాకీ మాటలు కనిపించవు, తాళంతో మొదలయ్యే లైనే పేరుగా ఉంటుంది. మీకు గుర్తున్న ముక్క వాయిద్యాలు లేకుండా, తీరిగ్గా పాడినట్టు వినిపిస్తే దాన్ని సాకీగా అనుమానించి, చరణం ముక్కను వెతికినట్టే వెతకాలి.

వెతకడానికి ముందు ఏమైనా రాసుకోవాలా?

రాసుకోవాలి, సెర్చ్ ఫలితాలు చూడకముందే. ఒకసారి నాలుగు పేజీలు చదివామంటే వాటిలోని మాటలు మన జ్ఞాపకంలోకి జొరబడతాయి. ఆ తర్వాత ఏది మనకు గుర్తున్నదో, ఏది ఇప్పుడు చదివిందో విడదీయలేం.

నేను పిన్నిని ఫోన్‌లోనే ఉంచి మూడు విషయాలు అడిగాను. ఏ మాట మీద ఒట్టేసి చెప్పగలవు? లైను దేనితో ముగుస్తుంది? పక్క లైన్లో ఒక్క మాటైనా ఉందా? మొదటిదానికి "నాటకం గ్యారంటీ, నడుమ అనే అనుకుంటా" అంది. రెండోదానికి కాసేపు కూనిరాగం తీసి, "ఒక లైను నాటకం అని ముగిస్తే, తర్వాత ఇంకో లైను కైవల్యం అని ముగుస్తుంది" అంది. మూడోదానికి "పైన పుట్టుట నిజం, పోవుట నిజం అని ఉంటుంది" అంది. ఫోన్ ఎత్తినప్పుడు ఒక్క ముక్క ఉంటే, రెండు నిమిషాల్లో మూడయ్యాయి. కాగితం మీద ఇలా రాసుకున్నాను: నాటకం, కైవల్యం, పుట్టుట ఖాయం. నడుమ అనుమానం.

లైను చివర గురించి అడగడం నాకు ఎప్పుడూ కలిసొచ్చింది. లైను మధ్యలో మాటలు చెదిరిపోయినా, అంత్యప్రాసతో ముగిసే మాట చెవిలో నిలిచిపోతుంది.

గుర్తున్న మాటల్లో దేనితో వెతకాలి?

అన్నిట్లోకీ అరుదైన మాటతో. ప్రేమ, మనసు, వెన్నెల, చెలి, గుండె లాంటి మాటలు లెక్కలేనన్ని పాటల్లో ఉంటాయి, వాటితో వెతికితే చెరువులో సూది వెతికినట్టే. మీకు బాగా గుర్తున్న మాటా, వెతకడానికి పనికొచ్చే మాటా ఒకటే కానక్కర్లేదు. పిన్నికి అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది నాటకం. వెతకడానికి పనికొచ్చింది మాత్రం ఆవిడ ఆఖర్న, అడిగితే చెప్పిన కైవల్యం. అది మామూలు మాటల్లో దొర్లదు. అది చూడగానే ఇది సినిమా ప్రేమగీతం కాదు, కీర్తనో తత్వమో అయ్యుండాలని కూడా అర్థమైంది. అంటే ఆ ఒక్క మాట పాటను పట్టుకోవడంతో పాటు ఎక్కడ వెతకాలో కూడా చెప్పింది.

అరుదైన మాట ఒక్కటీ లేకపోతే మామూలు మాటలే రెండు మూడు కలిపి, పక్కన "పాట సాహిత్యం" అనో "కీర్తన" అనో చేర్చండి. నేను కొట్టింది ఇది:

```
పుట్టుట నిజము పోవుట నిజము నాటకము కైవల్యము కీర్తన
```

నాటకం బదులు నాటకము, కైవల్యం బదులు కైవల్యము అని రాశాను, గమనించారా? కీర్తనల్లో, పాత పాటల్లో 'ము' ఉంటుంది. మన నోట అది సున్నాగా మారిపోతుంది. సెర్చ్ కొన్నిసార్లు రెండింటినీ ఒకటిగా చూస్తుంది, కొన్నిసార్లు చూడదు, కాబట్టి పాటలో ఉండే రూపం ఇవ్వడమే మంచిది.

కోట్ గుర్తులు పెడితే కచ్చితంగా దొరుకుతుందంటారు. నాకు ఒక్కటీ రావట్లేదేం?

కోట్ గుర్తులు పెడితే లోపలి మాటలు అదే వరసలో, అదే రూపంలో ఉన్న పేజీలే కావాలని అడిగినట్టు. ఒక్క అక్షరం తేడా ఉన్నా చేతులెత్తేస్తుంది. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మన ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి. "పుట్టుట నిజము" అని పిన్ని జ్ఞాపకం. పాటలో ఉన్నది "పుట్టుటయు నిజము పోవుటయు నిజము". ఆ చిన్న 'యు' చాలు కోట్ గుర్తుల వల జారిపోవడానికి.

నక్షత్రం గుర్తు పెట్టి `"పుట్టుట* నిజము"` అని కొడదామని చాలామందికి తడుతుంది. గూగుల్‌లో ఆ గుర్తు పూర్తి మాట స్థానంలో నిలుస్తుంది కానీ మాట తోకను పూరించదు. లైను మధ్యలో ఒక మాట పూర్తిగా మరిచిపోతే అది పనికొస్తుంది, మాట చివర తెలియకపోతే కాదు.

కాబట్టి నా పద్ధతి ఇలా ఉంటుంది. మొదట కోట్ గుర్తులు లేకుండా వెతుకుతాను. ఎక్కడైనా అసలు లైను కంటబడితే అప్పుడు దాన్నే కోట్ గుర్తుల్లో పెట్టి, మిగతా పేజీల్లో పాట మొత్తం ఎలా ఉందో చూస్తాను. కోట్ గుర్తులు పాటను నిర్ధారించుకోవడానికి పనికొచ్చినంతగా కనుక్కోవడానికి పనికిరావు.

గుర్తున్న మాట సరైనదో కాదో పాట దొరక్కముందే తెలుసుకునే వీలుందా?

ఉంది. తెలుగు పాట మనకిచ్చే వరం అది. ద్వితీయాక్షర ప్రాస గురించి బళ్ళో చదువుకునే ఉంటాం: ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లుతో ఉండాలి, అచ్చు మారినా ఫర్వాలేదు. రెండో అక్షరం ఒత్తక్షరమైతే అన్ని పాదాల్లోనూ అదే ఒత్తు రావాలి. పరీక్ష అయిపోగానే మరిచిపోయిన ఆ నియమం పాట వెతికేటప్పుడు తాళంచెవిలా పనిచేస్తుంది.

పిన్ని చెప్పిన రెండు లైన్లు పక్కపక్కన పెట్టండి. మొదటిది "పుట్టుట నిజము", రెండో అక్షరం 'ట్టు'. రెండోది "నడుమ పని నాటకం", రెండో అక్షరం 'డు'. ప్రాస కుదరట్లేదు. అంటే రెండు సంగతుల్లో ఒకటి నిజం: ఆ రెండు లైన్లూ ఒకే చరణంలోవి కావు, లేదా నడుమ అన్న మాటే తప్పు. పుట్టుట మీద ఆవిడకు అనుమానం లేదు. కాబట్టి రెండో లైను మొదటి మాటలో రెండో అక్షరం 'ట్ట' కావాలి, అర్థం మాత్రం మధ్య, నడుమ అని రావాలి. ఇలా అడిగితే తెలుగువాడి నోటికి తనంతట తానే వచ్చే మాట 'నట్టనడుమ'. అలా ఊహించి వెతికాక చరణం కళ్ళముందుకొచ్చింది:

పుట్టుటయు నిజము పోవుటయు నిజము
నట్టనడిమి పని నాటకము
యెట్టనెదుట గలది ప్రపంచము
కట్ట గడపటిది కైవల్యము

పుట్టు, నట్ట, యెట్ట, కట్ట. నాలుగు పాదాల్లోనూ 'ట్ట' వరసగా ఉంది. నా ఊహ 'నట్టనడుమ' కూడా పూర్తిగా సరి కాదు, పాటలో ఉన్నది 'నట్టనడిమి'. అయినా అంత దగ్గరికి వచ్చాక సెర్చ్ మిగతా పని చేసుకుంది.

మరి 'నడుమ' ఎక్కణ్ణించి వచ్చింది? అదే పాటలో తర్వాతి చరణం చూస్తే తెలిసింది. "కుడిచేదన్నము కోక చుట్టెడిది, నడుమంత్రపు పని నాటకము" అని మొదలవుతుంది. కుడి, నడు, ఆ తర్వాతి లైన్లలో వొడి, గడి. అక్కడ ప్రాస 'డ'. నడమంత్రపు సిరి అని మనం ఇప్పటికీ అంటాం కదా, ఆ మాటే. రెండు చరణాల్లోనూ రెండో లైను "పని నాటకము" అనే ముగుస్తుంది కాబట్టి పిన్ని జ్ఞాపకంలో నట్టనడిమి, నడుమంత్రపు రెండూ కలిసిపోయి నడుమ అయి కూర్చున్నాయి. ఒక చరణం లైను ఇంకో చరణంలోకి దూరడం పాటల జ్ఞాపకంలో మామూలుగా జరిగే పొరపాటు. దాన్ని బయటపెట్టడానికి ప్రాసను మించిన పనిముట్టు నాకు తెలియదు.

దీనికీ హద్దుంది. రెండో అక్షరాన్ని చెడగొట్టని తప్పును ప్రాస పట్టుకోలేదు. పల్లవి రెండో లైను "కానక కన్నది కైవల్యము". దాన్ని ఎవరైనా "కాన కన్నది" అని విన్నా, ప్రాస అక్షరం 'న' చెక్కుచెదరదు కాబట్టి ఈ పరీక్షలో పాసైపోతుంది.

సినిమా పాటల్లో కూడా ప్రాస ఇలాగే ఉంటుందా?

ఇంత నిక్కచ్చిగా ఉండదు. కొందరు కవులు రెండో అక్షరం పాటిస్తారు, చాలామంది లైను చివర అంత్యప్రాసతో సరిపెడతారు, కొత్త పాటల్లో అదీ అన్నిచోట్లా ఉండదు. అయినా పక్కపక్క లైన్లు రెండు గుర్తుంటే ఒకసారి చూసుకోవడంలో నష్టం లేదు. ఒక లైను "చూపులు" అని ముగిసి, రెండోది "నవ్వు" అని ముగుస్తున్నట్టు గుర్తుంటే, ఆ నవ్వు బహుశా "నవ్వులు" అయ్యుంటుంది.

సినిమా పాటలో ఇంకో కొలత ట్యూన్. మీకు గుర్తున్న మాటను ఆ ట్యూన్‌లో పాడి చూడండి. ఒక అక్షరాన్ని ఇరికించాల్సి వస్తే, లేదా పొట్టి అక్షరాన్ని అక్కర్లేకుండా సాగదీయాల్సి వస్తే ఆ మాట తప్పై ఉండొచ్చు. పాడే గొంతు ఊపిరి కోసం మాట మధ్యలో ఆగుతుందని కూడా మరవకండి. సగం మాట ఇటు, సగం అటు పోయి మనకు లేనిపోని కొత్త మాటలు వినిపించేది అందుకే.

ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే ఒక్కో స్పెల్లింగ్‌కి ఒక్కో ఫలితం వస్తోంది. ఏది సరైనది?

సరైనదంటూ ఏదీ లేదు, అదే తంటా. త కి ఒకరు t రాస్తే ఇంకొకరు th రాస్తారు. ట కి కూడా t యే. దీర్ఘాన్ని కొందరు రెండు అక్షరాలతో రాస్తారు, కొందరు వదిలేస్తారు. ఒత్తులు రాయాలా వద్దా అన్నది టైప్ చేసేవాళ్ళ ఓపిక. ఒక్క 'బతుకు'నే ఇన్ని రకాలుగా చూశాను:

```
batuku
bathuku
brathuku
bratuku
```

చివరి రెండూ 'బ్రతుకు' అని రాసేవాళ్ళవి. ఇన్నిటినీ ఒక్కొక్కటిగా కొట్టడం దండగ. స్పెల్లింగ్ మారే అవకాశం తక్కువగా ఉన్న మాట ఎంచుకోవడం నయం. త, ద, ట, డ, చ, శ, ష, ళ ఉన్న మాటలు, దీర్ఘాలు ఎక్కువ ఉన్న మాటలు రకరకాలుగా చీలిపోతాయి. ప, మ, న, ల, ర లతో పొట్టి అచ్చులున్న మాటలు దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. ఈ చరణంలో pani అన్నది అందరి చేతా ఒకేలా రాయించుకుంటుంది, కానీ అది మరీ మామూలు మాట. kaivalyam కి పెద్దగా రూపాలు లేవు, అరుదైనది కూడా. అందుకే ఇంగ్లీషు లిపిలోనూ అదే నాకు ఊతం:

```
puttuta nijamu natakamu kaivalyamu lyrics
```

పాత సాహిత్యం పేజీల్లో ట, డ, ణ లకు పెద్ద అక్షరాలు వాడి naaTakamu అని రాసిన పద్ధతి కనిపిస్తుంది. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు, సెర్చ్ పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా చూడదు. అందులో దీర్ఘాలు మాత్రం రెండేసి అక్షరాలతో ఉంటాయి కాబట్టి ఒకసారి ఆ రూపంలో కూడా కొట్టి చూడండి.

తెలుగు లిపిలోనే, తప్పు లేకుండా కొట్టినా దొరకట్లేదు. కారణం?

మూడు నాలుగు ఉండొచ్చు. అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఒకే మాటకు రెండు రాతలుండడం. ఈ పాటలోనే యెట్టనెదుట అని కొన్నిచోట్ల, ఎట్టనెదుట అని కొన్నిచోట్ల రాస్తారు. వొడి, ఒడి కూడా అంతే, వుభయ, ఉభయ కూడా అంతే. మీ మాట ఎ, ఏ, ఒ, ఓ, ఉ తో మొదలైతే ముందు య గాని వ గాని చేర్చి ఇంకోసారి వెతకండి.

రెండోది సంధి. పాడేటప్పుడు రెండు మాటలు ఒక్కటిగా వినిపిస్తాయి. రాసేవాళ్ళు ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీస్తారు. "నట్టనడిమి" ఒక మాటగా దొరక్కపోతే "నట్ట నడిమి" అని విడదీసి చూడాలి. మూడోది, పేజీ తెలుగులోనే కనిపిస్తున్నా అది అక్షరాలు కాక ఫొటో కావచ్చు, లేదా యూనికోడ్ రాకముందటి ఫాంట్‌లో టైప్ చేసింది కావచ్చు. అలాంటి ఫాంట్‌లో కళ్ళకు తెలుగు కనిపించినా, వెనక ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే. స్కాన్ చేసిన పాటల పుస్తకాలదీ చాలావరకు ఇదే గతి. అలాంటి పుస్తకం చేతిలో ఉంటే వెనక అకారాది సూచిక చూడటమే దారి, అదేమో మళ్ళీ పల్లవుల ప్రకారమే ఉంటుంది.

వందల పాటలున్న పొడవాటి పేజీ దొరికితే, ఆ పేజీ లోపల వెతకడానికి మాట మొత్తం ఇవ్వకండి. కంప్యూటర్‌లో `Ctrl+F` నొక్కి 'నట్ట' అని మొదటి రెండు అక్షరాలే ఇవ్వండి. తోక ఎలా ఉన్నా తగులుతుంది. సెర్చ్ ఇంజిన్ చేయలేని పనిని బ్రౌజర్ చేసి పెడుతుంది.

మాట కాదు, అర్థమే గుర్తుంది. అప్పుడెలా?

మనం అర్థం దాచుకుని మాట మార్చేస్తాం, అదీ రోజూ వాడే మాటలోకి. పాటలో ఎద ఉంటే మనకు గుండె అని గుర్తుంటుంది, మది ఉంటే మనసు అని, సడి ఉంటే చప్పుడు అని, జాబిలి ఉంటే చందమామ అని. కాబట్టి వెనక్కి నడవాలి: మీకు గుర్తున్న మామూలు మాటకు పాటల్లో వాడే మాటలు ఏమున్నాయో రాసుకుని ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. అందులో ట్యూన్‌కి అక్షరాల లెక్క సరిపోయేవే ఉంచుకుంటే రెండు మూడుకు మించి మిగలవు. పిన్ని పాటలోనే "నగి నగి కాలము" అని ఒక చరణంలో వస్తుంది. నగి అంటే నవ్వి. ఎవరికైనా అది "నవ్వి నవ్వి కాలం" అని గుర్తుంటే నేను ఆశ్చర్యపోను.

వాయిస్ టైపింగ్‌తో చెబితే?

ఇప్పటి మాటలున్న పాటకైతే బాగానే పనిచేస్తుంది. పాత మాటల్ని మాత్రం తనకు తెలిసిన కొత్త మాటలుగా దిద్దేస్తుంది. చెప్పాక తెర మీద ఏం రాసిందో చూసుకోండి.

హమ్ చేస్తే పాట చెప్పే సదుపాయం ఉంది కదా, ఇంత తతంగం దేనికి?

ముందు రెండు రకాలనూ విడదీసి చూద్దాం. షజామ్ లాంటివి మోగుతున్న రికార్డింగ్‌ను గుర్తుపట్టడానికి చేసినవి. మన గొంతుతో పాడితే పనిచేయవు, ఎందుకంటే అవి సరిపోల్చేది ఆ రికార్డింగ్ శబ్దపు ఆనవాళ్ళను. గూగుల్ 2020లో తెచ్చిన హమ్ సెర్చ్ వేరు. అది ట్యూన్ ఎక్కుతూ దిగుతూ వెళ్ళే తీరును పట్టుకుంటుంది, 10 నుంచి 15 సెకన్లు కూనిరాగం తీస్తే చాలు. మాటలు పాడక్కర్లేదు, లాలా అన్నా ఫర్వాలేదు.

సినిమా పాటకైతే నేను మొదట దీన్నే వాడతాను. కీర్తన దగ్గర నమ్మకం తక్కువ. అన్నమాచార్యులు 15వ శతాబ్దం వాడు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద ఆయన సంకీర్తనల సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి కానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వింటున్న వరసలు చాలావరకు తర్వాతి సంగీతకారులు కట్టినవే. కాబట్టి ఒకే సాహిత్యం రెండు మూడు వరసల్లో వినిపించొచ్చు. మీరు విన్న వరస ప్రచారంలో లేనిదైతే హమ్ సెర్చ్ ఇంకేదో పాట చూపిస్తుంది. అలాంటిచోట మారనిది సాహిత్యమే.

డబ్బింగ్ పాటల్లో హమ్ సెర్చ్‌కి ఇంకో తిరకాసు. అక్కడ ట్యూన్ ఒకటే ఉంటుంది, మాటలు భాషను బట్టి మారతాయి. హమ్ చేస్తే వేరే భాషలో పాట వచ్చిందనుకోండి, తప్పు ఫలితమని కొట్టిపారేయకండి. ఆ సినిమా తెలుగులోకి ఏ పేరుతో వచ్చిందో చూస్తే మీ పాట అక్కడ ఉండొచ్చు.

పల్లవి కలిసింది, నాకు గుర్తున్న చరణం మాత్రం లేదు. పాట తప్పా?

తప్పు కానక్కర్లేదు. పాత సినిమాల్లో ఒకే పల్లవితో సంతోషంగా ఒకసారి, విషాదంగా ఒకసారి పాట వస్తుంది, చరణాలు వేరుగా ఉంటాయి. సాహిత్యం టైప్ చేసినవాళ్ళు సాధారణంగా సంతోషం పాటే పెడతారు. కొన్ని పాటల్లో సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండదు, రికార్డులో ఉన్నది సినిమాలో ఉండదు. కీర్తనల్లో అయితే పాడేవాళ్ళు మూడు చరణాల్లో రెండే ఎంచుకుని పాడొచ్చు. అందుకే వీడియో విని "నా లైను ఇందులో లేదు" అనుకునే ముందు పూర్తి సాహిత్యం చూడాలి. కీర్తన మొదటి లైను మాత్రం తీసుకుని మిగతాది కొత్తగా రాసుకున్న పాటలు కూడా ఉంటాయి, అక్కడ చరణం ఎంత వెతికినా కలవదు.

ఎవరినైనా అడగాలంటే ఎలా అడగాలి?

గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పండి, సొంతంగా దిద్దకండి. మీ తప్పులో కూడా ఆధారం ఉంటుంది. పిన్ని నడుమ అని తప్పుగా చెప్పబట్టే నాకు రెండు చరణాల సంగతి బయటపడింది. ఏ మాట ఖాయమో, ఏది అనుమానమో విడిగా చెప్పండి. ఆడగొంతా, మగగొంతా, యుగళమా చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు విన్నారో చెప్పండి, కానీ విన్న సంవత్సరాన్ని పాట వచ్చిన సంవత్సరంగా చెప్పకండి. చిన్నప్పుడు రేడియోలో విన్న పాట అప్పటికే చాలా పాతది అయ్యుండొచ్చు. కుదిరితే కూనిరాగం ఫోన్‌లో రికార్డ్ చేసి పంపండి. గొంతు బాగోలేదని సిగ్గుపడేవాళ్ళ పాటలు దొరకడం కష్టం.

పాట దొరికింది, వింటుంటే అదే. కానీ నాకు గుర్తున్న మాట ఎక్కడా లేదు. అయినా అదేనా?

మూడు సంగతులు చూసుకోండి. లైను ముగింపులు కలవాలి, ఖాయమని రాసుకున్న మాటలు ఉండాలి, అనుమానమని రాసుకున్న మాట ఎక్కణ్ణించి పుట్టిందో పాటలో కనిపించాలి. మూడోది కుదిరితే ఇక సందేహం అక్కర్లేదు. ఒక్క పేజీలో సాహిత్యం చూసి తీర్పు ఇచ్చేయకండి, ఈ పేజీలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి, ఒకచోట దొర్లిన తప్పు పదిచోట్ల కనిపిస్తుంది. పాట వింటూ ఒకసారి చదవండి.

పిన్నికి ఫోన్ చేసి పాట వినిపించాను. మొదటి చరణం రాగానే "ఇదే, ఇదే" అంది. నట్టనడిమి దగ్గర ఆగి, "ఛ, నడుమ కదూ?" అంది. రెండో చరణంలో నడుమంత్రపు వచ్చాక నవ్వింది. ఇప్పటికీ వంటింట్లో పాడుకునేటప్పుడు మాత్రం నడుమ పని నాటకం అనే పాడుతోంది.